ఎనిమిది ఫండ్లు ఉన్నా అన్నీ ఒకేసారి పడుతున్నాయి, ఎందుకు?

కాకినాడ_కిరణ్

అందరికీ నమస్తే. నాకు మొత్తం ఎనిమిది మ్యూచువల్ ఫండ్లు ఉన్నాయి. రెండు లార్జ్ క్యాప్, ఒక ఇండెక్స్ ఫండ్, ఒక ఫ్లెక్సీ క్యాప్, పన్ను కోసం తీసుకున్న ఈఎల్‌ఎస్‌ఎస్ ఒకటి, రెండు మిడ్ క్యాప్, ఒక స్మాల్ క్యాప్. అన్నీ వేర్వేరు కంపెనీలవే, మేనేజర్లూ వేరే. మొత్తం కలిపి 24 లక్షలు ఉంటుంది. కానీ మార్కెట్ పడిన రోజు యాప్ తెరిస్తే ఎనిమిదీ ఎర్రగానే కనిపిస్తున్నాయి. డైవర్సిఫై చేస్తే ఊగిసలాట తగ్గుతుందంటారు కదా, నాకైతే తగ్గినట్టు అనిపించట్లేదు. ఒక వాల్యూ ఫండ్, ఒక ఫోకస్డ్ ఫండ్ చూసి పెట్టుకున్నాను. అవి కూడా కలిపితే మేలా?

నల్గొండ_యాదగిరి

ఎనిమిదీ అమ్మేసి శంకర్‌పల్లి దిక్కు ఒక ప్లాట్ కొను తమ్మీ. ఎరుపు లేదు, పచ్చ లేదు, రాత్రి హాయిగా నిద్ర పడతది.

సుబ్బారావు_ట్రెజరీ

కిరణ్ గారూ, మీ దగ్గర పేర్లు ఎనిమిది ఉన్నాయి గానీ సరుకు ఒక్కటే. లార్జ్ క్యాప్ ఫండ్లలో పై పది షేర్లు తీసి పక్కపక్కన పెట్టి చూడండి. అవే రెండు మూడు ప్రైవేటు బ్యాంకులు, అవే ఐటీ కంపెనీలు కనిపిస్తాయి. మిడ్ క్యాప్‌లో షేర్లు మారతాయి, నిజమే. కానీ విదేశీ సంస్థలు భారత మార్కెట్ నుంచి డబ్బు తీసేసుకునే రోజున లార్జా మిడ్డా అని ఎవరూ ఆగి చూడరు.

లెక్క వేసి చూపిస్తాను. ఒక్కో ఫండ్ ఏడాదికి 18 శాతం ఊగుతుందనుకోండి, అంటే స్టాండర్డ్ డీవియేషన్ అంత. ఏ రెండు ఫండ్లు తీసుకున్నా వాటి మధ్య కోరిలేషన్, అంటే రెండూ ఎంత కలిసి కదులుతాయో చెప్పే అంకె, 0.95 అనుకోండి. అచ్చంగా కలిసి కదిలితే 1, సంబంధమే లేకపోతే సున్నా, సరిగ్గా ఎదురు నడిస్తే మైనస్ 1. ఒకే మార్కెట్‌లో డబ్బు పెట్టే ఫండ్లకు ఇది అతిశయోక్తేమీ కాదు. ఒక ఫండ్ ఉంటే ఊపు 18. ఎనిమిది సమానంగా పెడితే 17.6. మీరనుకుంటున్న మరో రెండు కూడా కలిపి పది చేస్తే, దశాంశం తర్వాత ఒక అంకె వరకు చూస్తే, మళ్లీ 17.6 దగ్గరే ఆగుతుంది. కొత్త ఫండ్ వల్ల పెరిగేది మీ స్టేట్‌మెంట్‌లో పేజీలే.

అదే ఇందులో సగం తీసి, షేర్లతో సంబంధం లేకుండా కదిలే దాంట్లో పెట్టండి. ఉదాహరణకు బంగారం ఏడాదికి 15 శాతం ఊగుతుందని, నిఫ్టీతో దాని కోరిలేషన్ సున్నా అని అనుకుందాం. అప్పుడు మొత్తం ఊపు 11.7కి వస్తుంది. బంగారం కూడా దాదాపు షేర్లంత ఊగేదే, అయినా రెండూ కలిస్తే విడివిడిగా ఉన్నప్పటికంటే బాగా తక్కువ. ఒకటి పడే నెలలో రెండోది పెరగాలన్న నియమం కూడా అక్కర్లేదు. దాని ఇష్టానికి అది కదిలితే చాలు, కొన్నిసార్లు ఎదురు నడుస్తుంది, కొన్నిసార్లు తోడు నడుస్తుంది, ఆ ఎదురు నడిచిన నెలలే ఊపును మింగేస్తాయి.

కాకినాడ_కిరణ్

18, 15కి సగటు 16.5 కదా సార్. 11.7 ఎలా వచ్చింది?

సుబ్బారావు_ట్రెజరీ

16.5 కూడా తప్పు కాదు. రెండూ అచ్చంగా ఒకేలా కదిలితే వచ్చేది అదే. ఏదైనా స్ప్రెడ్‌షీట్‌లో A1 గడిలో కోరిలేషన్ పెట్టి, పక్క గడిలో ఇది వేయండి:

```
=SQRT(0.5^2*18^2 + 0.5^2*15^2 + 2*0.5*0.5*A1*18*15)
```

A1లో 1 పెడితే 16.5. సున్నా పెడితే 11.7. మైనస్ 0.2 పెడితే 10.5. మొదటి రెండు ముక్కలు ఎవరి ఊపు వాళ్లది, సగం సగం వాటా అలాగే ఉంచితే వాటిని మనం మార్చలేం. మూడో ముక్కలోనే కోరిలేషన్ ఉంది, మన చేతిలో ఉన్నది ఆ ఒక్కటే. మీ ఎనిమిది ఫండ్లకూ ఆ ముక్క దాదాపు పూర్తి బరువుతో కూర్చుని ఉంది.

ఎక్సెల్_రాజు

సుబ్బారావు గారూ, చిన్న అభ్యంతరం. నిఫ్టీ, బంగారం రూపాయి ధరలు 2015 నుంచి 2024 వరకు నెలవారీగా తీసుకుని CORREL వేశాను. 0.9 చుట్టుపక్కల వస్తోంది. అంటే రెండూ కలిసే నడుస్తున్నాయి. బంగారం వేరుగా కదులుతుందన్నది పాతకాలం మాట, ఇప్పుడది చెల్లదనుకుంటా.

పద్మజ_బెజవాడ

రాజు గారూ, మీరు ధరల మీదే CORREL వేసినట్టున్నారు. నెలనెలా వచ్చిన మార్పు మీద వేయాలి. పదేళ్లలో బాగా పెరిగిన ఏ రెండు వస్తువుల ధరలు తీసుకున్నా ఇలా పెద్ద అంకె వచ్చే అవకాశమే ఎక్కువ. మా వీధిలో ఇడ్లీ ధరకీ సెన్సెక్స్‌కీ వేసి చూడండి, అదీ అంతే వస్తుంది.

చేత్తో వేసుకోగల ఉదాహరణ ఒకటి. 'అ' అనేది ఒక నెల 3 శాతం పెరుగుతుంది, తర్వాతి నెల 1 శాతం పడుతుంది, అలాగే సాగుతుంది. 'ఆ' సరిగ్గా తిరగేసి, ఒక నెల 1 పడి, తర్వాతి నెల 3 పెరుగుతుంది. అరవై నెలలకు రెండూ 100 నుంచి దాదాపు 180కి చేరతాయి. ధరల గ్రాఫు చూస్తే రెండూ అన్నదమ్ముల్లా పక్కపక్కనే పైకి పోతుంటాయి. కానీ నెలవారీ మార్పుల కోరిలేషన్ మైనస్ 1. ప్రతి నెలా సగం సగం సర్దుకుంటూ ఉన్నవాడికి ప్రతి నెలా కచ్చితంగా 1 శాతం వస్తుంది, ఒక్క నెల కూడా ఎరుపు ఉండదు. చివరికి అతని దగ్గర ఉండేది 182 దాకా.

ఇది ఎక్కడా దొరకని ఆదర్శ సరుకు అని నాకూ తెలుసు. చెప్పొచ్చేదేంటంటే, రెండూ దీర్ఘకాలంలో పెరగడం వేరు, ఒకే నెలలో కలిసి పెరగడం పడటం వేరు. షీటులో B, C నిలువు వరుసల్లో రెండో గడి నుంచి నిఫ్టీ, బంగారం ధరలు ఉన్నాయనుకుని ఇలా చేయండి, D3, E3లను 121వ గడి దాకా కిందికి లాగండి:

```
D3: =B3/B2-1
E3: =C3/C2-1
=CORREL(D3:D121,E3:E121)
```

ఎక్సెల్_రాజు

వేశాను మేడమ్. సున్నా దగ్గరికి వచ్చేసింది. సరే, ఇది ఒప్పుకుంటా. కానీ మూడేళ్ల ముక్కలుగా కోసి చూస్తే ఒక్కో ముక్కలో ఒక్కోలా ఉంది. కొన్నింట్లో మైనస్, కొన్నింట్లో ప్లస్. మరి ఏ అంకె నమ్మాలి?

సుబ్బారావు_ట్రెజరీ

ఏ ఒక్క అంకెనీ కాదు. కోరిలేషన్ అనేది ఆ వస్తువు పుట్టుకతో తెచ్చుకున్న గుణం కాదు, ఆ కాలంలో ధరను ఏ కారణం లాగుతోందన్న దాని నీడ. కాబట్టి కారణం చూడాలి. మనకు బంగారం ఎందుకు వేరుగా కదులుతుందో చాలామంది పట్టించుకోరు. 2008నే తీసుకోండి.

ఆ ఏడాది నిఫ్టీ దాదాపు 52 శాతం పడింది. రూపాయల్లో బంగారం సుమారు పాతిక శాతం పెరిగింది. "సంక్షోభంలో ప్రపంచమంతా బంగారం వైపు పరిగెత్తింది" అని అందరూ చెబుతారు. కానీ డాలర్లలో చూస్తే ఆ ఏడాది మొత్తం మీద బంగారం పెరిగింది అయిదు శాతం అటూఇటూ. మిగతాదంతా రూపాయి చలవే. 2008 జనవరిలో డాలరు 39 రూపాయల చిల్లర, ఏడాది చివరికి 48 దాటింది. విదేశీ సంస్థలు మన షేర్లు అమ్మి డాలర్లు పట్టుకెళ్లాయి. అదే దెబ్బకు షేర్లూ పడ్డాయి, రూపాయీ పడింది. రూపాయి పడితే దిగుమతి అయ్యే బంగారం ధర దానంతట అదే పెరుగుతుంది. అంటే మన షేర్లను పడగొట్టిన కారణమే మన బంగారాన్ని పైకి నెట్టింది. అమెరికాలో ఉన్నవాడికి ఈ రెండో చేయి ఉండదు.

2013లో ఇంకా స్పష్టం. డాలర్లలో బంగారం ఆ ఏడాది 28 శాతం కూలింది. మనకు పడింది అందులో చిన్న భాగమే. రూపాయి బలహీనపడటం ఒక కారణం, ప్రభుత్వం దిగుమతి సుంకాన్ని అదే ఏడాదిలో 4 నుంచి 10 శాతానికి పెంచడం ఇంకో కారణం. సుంకం కత్తికి రెండు వైపులా పదునే. 2024 జులై బడ్జెట్‌లో 15 నుంచి 6కి తగ్గించగానే, ప్రపంచ మార్కెట్‌లో ఏమీ జరగకుండానే మన దగ్గర ధర ఆ రోజే జారిపోయింది.

గుంటూరు_లక్ష్మి

అయితే నాకేం భయం లేదన్నమాట. మా ఇంట్లో అమ్మమ్మ నాటి నగలతో కలిపి నలభై తులాల దాకా ఉంది. నేను ఉన్న డబ్బంతా షేర్లలో పెట్టుకోవచ్చా అన్నయ్యా?

పద్మజ_బెజవాడ

లక్ష్మిగారూ, ఒక్క ప్రశ్న. షేర్లు సగం అయిన రోజున ఆ హారం అమ్మి షేర్లు కొంటారా?

గుంటూరు_లక్ష్మి

అయ్యో, మా అత్తగారు ఊరుకోరు. అది పాప పెళ్లికి.

పద్మజ_బెజవాడ

అందుకే అడిగాను. కాగితం మీద మీ ఆస్తి తక్కువే ఊగుతుంది, అది నిజం. కానీ అమ్మలేని బంగారం షేర్ల వైపు నష్టాన్ని పూడ్చలేదు. అమ్మినా తరుగు, మజూరీ మీకు తిరిగి రావు. అత్యవసరమైతే తాకట్టు పెట్టి లోను తీసుకోవచ్చు, ఆ మేరకు ఆసరా. అది తప్ప పోర్ట్‌ఫోలియో లెక్కలో నేను నగలు కలపను. షేర్లలాగే ఎక్స్ఛేంజీలో అమ్ముకోగల ఈటీఎఫ్ రూపంలో ఉన్నదే కలుపుతాను.

అమ్మగలిగితే ఎంత తేడా వస్తుందో సుబ్బారావు గారు చెప్పిన 2008తోనే చూద్దాం. వంద రూపాయలు నిఫ్టీలోనే ఉంచినవాడికి 2008 చివరికి 48 మిగిలింది. 2009లో నిఫ్టీ 76 శాతం పెరిగింది, చూడటానికి ఘనంగా ఉంది, కానీ అతను 85 దగ్గరే ఆగాడు. సగం సగం పెట్టినవాడికి 2008 చివరికి నిఫ్టీ 24, బంగారం 62, మొత్తం 86. ఇక్కడ అతను బంగారం కొంత అమ్మి నిఫ్టీ కొని మళ్లీ 43, 43 చేశాడనుకోండి. 2009లో బంగారం కూడా మరో పాతిక శాతం దాకా పెరిగింది. రెండో ఏడు చివరికి అతని చేతిలో సుమారు 130. సర్దకుండా అలాగే వదిలేసి ఉంటే 120. ఆ పది రూపాయలూ పడ్డదాన్ని కొన్నందుకు వచ్చినవి.

ఎక్సెల్_రాజు

మేడమ్, ఇది ఏరి తెచ్చిన రెండేళ్లు. మొత్తం బంగారంలోనే ఉన్నవాడికి 156 వచ్చింది, ఆ మాటా చెప్పాలి. నేనూ రెండు తేదీలు ఏరి తెస్తాను. 2012 చివర్లో పది గ్రాములు సుమారు 31 వేలు. 2018 చివర్లోనూ సుమారు 31 వేలే. ఆరేళ్లు ఉన్నచోటే. ఆ సమయంలో నిఫ్టీ 5,900 నుంచి 10,860కి పోయింది. సగం బంగారంలో పెట్టినవాడు ఊపు తగ్గించుకున్నాడు, సరే, దాంతోపాటు రాబడీ తగ్గించుకున్నాడు.

పద్మజ_బెజవాడ

ఒప్పుకుంటాను. అందుకే సగం అని ఎవరికీ చెప్పను. అది లెక్క తేలిగ్గా అర్థం కావడానికి తీసుకున్నది. షేర్లు 70, బంగారం 30 పెట్టి, కోరిలేషన్ సున్నా అనుకుంటే ఊపు 13.4 వస్తుంది. 18 నుంచి అంత దిగడానికి మూడో వంతు కూడా పెట్టనక్కర్లేదు.

డల్లాస్_వెంకట్

నా కథ వేరు. ఇక్కడ టెక్ కంపెనీలో పని. జీతం కాక ఏటా కంపెనీ షేర్లు ఇస్తారు, వచ్చినవి అమ్మకుండా ఉంచాను. రిటైర్మెంట్ ఖాతాలో మూడొంతులు అమెరికా షేర్లు, ఒక వంతు బాండ్ ఫండ్. షేర్లు పడితే బాండ్లు కాస్తాయని ఇక్కడ అందరి నమ్మకం. 2022లో ఎస్‌అండ్‌పీ 500 డివిడెండ్లతో కలిపినా 18 శాతం పడింది, బాండ్ సూచీ 13 శాతం పడింది. నాస్‌డాక్ అయితే మూడో వంతు పోయింది. అదే సమయంలో మా ఆఫీసులో లేఆఫ్‌లు. వీసా మీద ఉన్నవాడికి ఆ టెన్షన్ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఇంతకీ నా ప్రశ్న, ఈ కోరిలేషన్ లెక్కలు అవసరమైనప్పుడే పనిచేయకపోతే ఎందుకు?

సుబ్బారావు_ట్రెజరీ

వెంకట్ గారూ, మీరు రెండు విషయాలు కలిపేశారు, రెండూ ముఖ్యమైనవే.

బాండ్ల సంగతి ముందు. మాంద్యం భయంతో షేర్లు పడితే వడ్డీ రేట్లు తగ్గుతాయి, బాండ్లు పెరుగుతాయి. అమెరికాలో 2000 తర్వాత చాలాకాలం జరిగింది ఇదే. ద్రవ్యోల్బణం భయంతో పడితే వడ్డీ రేట్లు పెరుగుతాయి, అప్పుడు షేర్లూ బాండ్లూ ఒకే గొయ్యిలో పడతాయి. 2022లో జరిగింది రెండో రకం. అక్కడ గతంలో కనిపించిన మైనస్ అంకె అబద్ధం కాదు, ఆ అంకె వెనక ఉన్న కారణం మారిపోయింది.

రెండోది మీ జీతం. మీకొచ్చే వేతనం, కంపెనీ షేర్లు, ఖాతాలోని టెక్ వాటా, ఈ మూడూ ఒకే కారణానికి కట్టి ఉన్నాయి. జీతానికి రోజూ ధర కనిపించదు కాబట్టి దాన్ని ఎవరూ షీటులో వేయరు. మీలాంటివారు కంపెనీ షేర్లు చేతికి రాగానే అమ్మి వేరే చోట పెట్టడమే అన్నిటికంటే తేలికైన డైవర్సిఫికేషన్. కిరణ్ గారూ, మీరు ఐటీలో ఉంటే ఇది మీకూ వర్తిస్తుంది.

ఒక హెచ్చరిక కూడా. మార్కెట్ నిజంగా కుప్పకూలే వారంలో, కొద్ది రోజులపాటు, అన్నీ కలిసి పడతాయి. 2020 జనవరిలో 12,300 పైన ఉన్న నిఫ్టీ మార్చి 23న 7,610 దగ్గర ముగిసింది. అదే మార్చి మధ్యలో ప్రపంచ మార్కెట్‌లో బంగారం కూడా కొద్ది రోజుల్లోనే పది శాతం పైగా పడింది. నగదు కావాల్సినవాళ్లు అమ్ముడుపోయేది ఏదుంటే అది అమ్మారు. తేడా ఏంటంటే బంగారం కొన్ని వారాల్లోనే తిరిగి లేచి ఆగస్టుకి కొత్త గరిష్ఠానికి వెళ్లింది. నిఫ్టీ పాత స్థాయికి రావడానికి నవంబరు దాకా పట్టింది.

నల్గొండ_యాదగిరి

అందుకే నేను మొదట్లనే చెప్పిన. 2020 మార్చిల నా ప్లాట్ ఒక్క రూపాయి పడలే.

పద్మజ_బెజవాడ

పడలేదా, ఎవరూ ధర అడగలేదా యాదగిరి గారూ? రోజూ ధర పలకని ఆస్తి ఊగనట్టే కనిపిస్తుంది. మా వైపు అమరావతి చుట్టుపక్కల పొలాలు కొన్నవాళ్లను అడగండి. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట రాగానే కొనేవాళ్లే కరువయ్యారు. అక్కడ గ్రాఫు ఎర్రగా మారలేదు, అసలు గ్రాఫే లేదు. ఒక ఊరి మీద, ఒక ప్రభుత్వ నిర్ణయం మీద అంత పెద్ద మొత్తం పెట్టడం ఊపు తగ్గించడం ఎలా అవుతుంది?

నల్గొండ_యాదగిరి

అమరావతి వేరు, హైదరాబాద్ వేరు మేడమ్. ముప్పై ఏండ్ల సంది చూస్తున్న.

ఎక్సెల్_రాజు

యాదగిరి అన్న మాటలో కొంత నిజం ఉంది. ధర కనిపించకపోతే భయపడి అమ్మడు. ఆ మేలు ఏ ఫార్ములాలోనూ రాదు. కానీ రిస్కు తగ్గిందని మాత్రం నేనూ అనను.

మరి ఎఫ్‌డీ, డెట్ ఫండ్ల మాటేంటి? బంగారం గొడవ లేకుండా 60 శాతం షేర్లు, 40 శాతం ఎఫ్‌డీ పెడితే ఊపు 10.8కి వస్తోంది కదా.

సుబ్బారావు_ట్రెజరీ

వస్తుంది. అయితే అక్కడ కోరిలేషన్ చేసిందేమీ లేదు. ఎఫ్‌డీ ఊగదు కాబట్టి 18లో అరవై శాతమే మిగిలింది, అంతే. చాలామందికి అదే సరిపోతుంది కూడా, నేను కాదనను. డెట్ ఫండ్ అన్న పేరు చూసి మాత్రం ఎఫ్‌డీలా అనుకోకండి. 2020 ఏప్రిల్‌లో ఒక ఫండ్ సంస్థ ఆరు డెట్ స్కీములు ఒకేసారి మూసేసింది. వాటిలో ఎక్కువగా ఉన్నవి తక్కువ రేటింగ్ కంపెనీల బాండ్లు. వ్యాపారాలు ఆగిపోయే రోజున షేర్లు పడే కారణానికే అలాంటి బాండ్లకూ కొనేవాళ్లు ఉండరు. ఊపు తగ్గించడానికి పెట్టుకునేది ప్రభుత్వ బాండ్లో, తక్కువ కాలపు మంచి రేటింగ్ బాండ్లో అయి ఉండాలి.

కాకినాడ_కిరణ్

చాలా థ్యాంక్స్ అందరికీ. ఎనిమిదిని రెండు చేద్దామనుకుంటున్నా, ఒక ఇండెక్స్ ఫండ్, ఒక మిడ్ క్యాప్. షేర్లు 70, గోల్డ్ ఈటీఎఫ్ 30. ఏటా సర్దడానికి అమ్మితే పన్ను పడుతుంది కదా, అందుకని అమ్మకుండా నెలనెలా పెట్టే 40 వేలను వెనకబడ్డ దాంట్లో వేస్తూ పోతే సరిపోతుందా?

పద్మజ_బెజవాడ

సరిపోతుంది కిరణ్, నేనూ అలాగే చేస్తాను. ఈఎల్‌ఎస్‌ఎస్‌కి మూడేళ్ల లాకిన్ ఉంటుంది, ప్రతి వాయిదాకీ విడిగా. అది చూసుకుని అమ్మండి.

ఎక్సెల్_రాజు

చిన్న మొత్తానికి సరిపోతుంది, 24 లక్షలకు కష్టం. షేర్లు 16.8 లక్షలు, బంగారం 7.2 లక్షలు అనుకోండి. షేర్లు 30 శాతం పడి, బంగారం 10 శాతం పెరిగితే 11.76, 7.92 అవుతాయి. మొత్తం 19.68. పడింది 18 శాతం, అంతా షేర్లలోనే ఉంటే 30 పడేది, అంతవరకు మంచిదే. ఇప్పుడు 70కి తేవడానికి రెండు లక్షల బంగారం అమ్మి షేర్లు కొంటే ఒక్కరోజు పని. అమ్మకుండా కొత్త డబ్బుతోనే తేవాలంటే, మొత్తం కూడా పెరుగుతూ ఉంటుంది కాబట్టి, 6.7 లక్షలు కావాలి. నెలకు 40 వేల చొప్పున పదిహేడు నెలలు. ఆలోపు మార్కెట్ తిరిగిపోతే, పద్మజ గారు 2008లో చూపించిన ఆ పది రూపాయలు మీకు రావు.

పద్మజ_బెజవాడ

పదిహేడు నెలలు పడుతుంది, లెక్క సరే. కానీ మార్కెట్ 30 శాతం పడిన వారంలో బంగారం అమ్మి షేర్లు కొనే ధైర్యం ఎంతమందికి ఉంటుంది? నెలనెలా పెట్టే ఎస్ఐపీ అయితే దానంతట అది జరిగిపోతుంది.

సుబ్బారావు_ట్రెజరీ

మధ్యేమార్గం ఒకటి చెబుతాను. మామూలు రోజుల్లో ఎస్ఐపీతోనే సర్దండి. షేర్ల వాటా 70 నుంచి పది పాయింట్లు దాటి జరిగితే మాత్రం అమ్మి సర్దండి. రాజు గారి ఉదాహరణలో షేర్ల వాటా 60 దగ్గరికి వచ్చింది, అంటే సరిగ్గా గీత మీద నిలబడింది. పదికి బదులు ఎనిమిది పెట్టాలా పన్నెండు పెట్టాలా అంటే, దానికి నా దగ్గర లెక్క లేదు.

ఎక్సెల్_రాజు

అయిదు పెడితే ఎన్నిసార్లు అమ్మాల్సి వస్తుందో, పన్ను ఎంత పోతుందో 2008 నుంచి వేసి చూస్తా. ఆదివారం షీటు పెడతాను.